తొమ్మిది లోకాలు, ఒక చెట్టు, మూడు దారులు

హాలీవుడ్ థార్ సినిమాలు చూసిన పిల్లల్ని అడిగితే తొమ్మిది లోకాల పేర్లు గడగడా చెబుతారు. ఆస్‌గార్డ్, మిడ్‌గార్డ్, యోటున్‌హైమ్ అంటూ మొదలుపెట్టి చివరి దాకా తడబడరు. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ లోకాల బొమ్మలు కూడా బోలెడు దొరుకుతాయి. మధ్యలో ఒక మహావృక్షం, పై కొమ్మల్లో దేవతల లోకాలు, నడుమ మనుషుల లోకం, వేళ్ల దగ్గర మృతుల లోకం. ఒక్కో లోకానికి ఒక్కో గుండ్రటి గడి. చూడగానే అంతా అర్థమైపోయినట్టు ఉంటుంది.

అయితే ఆ పురాణాలు మొట్టమొదట అక్షరాలకెక్కిన పుస్తకాల్లో ఇలాంటి జాబితా ఎక్కడా లేదు. తొమ్మిది లోకాలున్నాయన్న మాట ఉంది. ఆ తొమ్మిదీ ఏవో వరసగా చెప్పిన చోటు మాత్రం లేదు. మరి ఏ లోకం ఎటువైపు ఉందో ఎలా తెలుస్తుంది? ఆ కథల్లో ప్రయాణాలు చేసినవాళ్ల వెంట నడిస్తే తెలుస్తుంది. ఎవరు ఎటు వెళ్లారు, ఏ నది దాటారు, ఎన్ని రాత్రులు పట్టింది అన్నది పట్టుకుంటే ఒక పటం తయారవుతుంది. పోస్టర్ల మీది బొమ్మ కన్నా అది కొంచెం గజిబిజిగా ఉంటుంది కానీ, ఆసక్తిగానూ ఉంటుంది.

ముందు ఆ పుస్తకాల సంగతి. స్కాండినేవియా జనం తమ పాత దేవతల్ని కొలిచిన కాలంలో ఈ కథలు నోటి మాటగానే సాగాయి. ఐస్‌లాండ్ సుమారు 1000లో క్రైస్తవంలోకి మారింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక గానీ ఇవి పుస్తకాలకెక్కలేదు. మనకు ముఖ్యమైనవి రెండు. ఒకటి, పాత కవితల సంకలనం. దాని ప్రధాన ప్రతి 1270ల ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో తోలు పత్రాల మీద రాసింది. రెండోది, అంతకన్నా యాభై ఏళ్ల ముందు, 1220 ప్రాంతంలో స్నోర్రి స్టుర్లుసన్ రాసిన వచన గ్రంథం. రెంటినీ ఎడ్డా అనే పిలుస్తారు. స్నోర్రి కవి, చరిత్రకారుడు, రాజకీయాల్లో తలమునకలైన పెద్దమనిషి. 1241లో శత్రువుల చేతిలో హతమయ్యాడు. ఆయన క్రైస్తవుడు. అయినా తమ పూర్వీకుల కవిత్వం కుర్రకవులకు అర్థం కాకుండా పోతోందని, ఆ కథలు తెలియకపోతే పద్యాలే బోధపడవని పూనుకుని రాశాడు. చెల్లాచెదురుగా ఉన్న పద్యాల్ని ఒక కథగా అల్లే పనిలో కొన్ని చోట్ల సర్దుబాట్లు కూడా చేశాడు. పటం గీసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తొమ్మిది అన్న లెక్క పాత కవితల్లోనే ఉంది. 'వోలుస్పా' అనే కవితలో ఒక ప్రవక్త్రి తనకు తొమ్మిది లోకాలు గుర్తున్నాయని, మహావృక్షం ఇంకా నేల కిందే ఉన్న కాలం గుర్తుందని చెబుతుంది. మరో కవితలో ఒక వృద్ధ రాక్షసుడు తాను తొమ్మిది లోకాలూ తిరిగానని, అట్టడుగున ఉన్న నిఫ్ల్‌హెల్ దాకా దిగానని చెప్పుకుంటాడు. ఇంకో కవితలో ఒక మరుగుజ్జు కూడా అదే మాట అంటాడు. ముగ్గురూ లెక్క చెప్పినవాళ్లే తప్ప పేర్లు చెప్పినవాళ్లు కారు. స్నోర్రి మరీ చిక్కు తెచ్చిపెట్టాడు. చెడ్డవాళ్లు చచ్చాక నిఫ్ల్‌హెల్‌కి వెళతారని, అది కింద తొమ్మిదో లోకంలో ఉందని ఒకచోట రాశాడు. మృత్యుదేవత హెల్‌కు ఓడిన్ తొమ్మిది లోకాల మీద అధికారమిచ్చాడని మరోచోట రాశాడు. దీన్ని బట్టి తొమ్మిది లోకాలంటే దేవతలు, మనుషులు, రాక్షసులు పంచుకున్న లోకాలు కావేమో, ఒకదాని కింద ఒకటిగా దిగే పాతాళపు అంతస్తులేమో అనుకున్న పండితులూ ఉన్నారు.

అసలు ఆ జనానికి తొమ్మిది అంటే పూర్తి సంఖ్య. ఓడిన్ జ్ఞానం కోసం చెట్టుకు వేలాడింది తొమ్మిది రాత్రులు. హైమ్‌డాల్ అనే దేవుడికి తల్లులు తొమ్మిదిమంది. ప్రళయ సమరంలో మహాసర్పాన్ని చంపాక థార్ తొమ్మిది అడుగులు వేసి కూలిపోతాడు. స్వీడన్‌లోని ఉప్సాలాలో తొమ్మిదేళ్లకోసారి పెద్ద జాతర జరిగేదని 1070ల్లో బ్రెమెన్ నగరపు మతాధికారి ఆదామ్ రాశాడు. కాబట్టి తొమ్మిది లోకాలు అన్నప్పుడు 'ఉన్న లోకాలన్నీ' అన్న అర్థమే ఎక్కువగా పలికి ఉంటుందని నాకనిపిస్తుంది.

మన పద్నాలుగు లోకాలు ఇలా కావు. భూమితో కలిపి పైకి ఏడు, అతలం మొదలు పాతాళం దాకా కిందికి ఏడు. పేర్లున్నాయి, వరస ఉంది. ఆ అలవాటుతో తెలుగు పాఠకుడు నార్స్ లోకాల్ని కూడా మేడ అంతస్తుల్లా పేర్చుకోబోతాడు. ఇక్కడ ఆ పద్ధతి సగమే పనికొస్తుంది. ఎందుకంటే నార్స్ కథల్లో చాలామంది పైకి కిందికి కాక, పక్కకు ప్రయాణం చేస్తారు.

లోకం ఎలా పుట్టిందో చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. మొదట ఉన్నది గిన్నుంగగాప్ అనే మహాశూన్యం. దానికి ఉత్తరాన మంచు, పొగమంచు నిండిన నిఫ్ల్‌హైమ్. దక్షిణాన నిప్పుల లోకం ముస్పెల్. ముస్పెల్ సరిహద్దులో మండే కత్తితో సుర్త్ కాపలా ఉంటాడు. ఉత్తరపు మంచు, దక్షిణపు వేడి శూన్యం మధ్యలో కలుసుకున్నచోట ఇమిర్ అనే ఆది రాక్షసుడు పుట్టాడు. ఓడిన్, అతని ఇద్దరు తమ్ముళ్లు ఇమిర్‌ని చంపి ఆ దేహంతో ప్రపంచాన్ని చేశారు. మాంసం నేల అయింది, నెత్తురు సముద్రమైంది, ఎముకలు కొండలయ్యాయి. పుర్రె ఆకాశమైంది. దాన్ని నాలుగు మూలలా నలుగురు మరుగుజ్జులు మోస్తున్నారు. వాళ్ల పేర్లు ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర. నేల గుండ్రంగా ఉంటుంది, చుట్టూ లోతైన సముద్రం. ఆ సముద్రపు ఒడ్లు రాక్షసులకిచ్చారు. లోపలి భాగానికి ఇమిర్ కనుబొమలతో కంచె కట్టి మనుషులకిచ్చారు. అదే మిడ్‌గార్డ్. మధ్యలో తమకోసం కోట కట్టుకున్నారు. అదే ఆస్‌గార్డ్.

ఇక్కడ ఆగి చూడండి. దేవతల కోట ఎక్కడుంది? ఆకాశంలో అనలేదు స్నోర్రి. లోకం మధ్యలో అన్నాడు. నడుమ దేవతలు, వాళ్ల చుట్టూ కంచె లోపల మనుషులు, కంచె అవతల రాక్షసులు, ఆపైన సముద్రం, సముద్రంలో తన తోకను తానే కరచుకుని భూమిని చుట్టుకున్న మహాసర్పం. ఇది వలయాల పటం. స్కాండినేవియా రైతు బతికిన బతుకే ఇందులో కనిపిస్తుంది. నడుమ ఇల్లు, చుట్టూ దున్నిన పొలం, దానికి కంచె. కంచె దాటితే అడవి, కొండ, చలి, ఎవరి ఏలుబడీ లేని నేల. స్వీడన్‌లో, నార్వేలో ఇంటి ముంగిట ఒక పెద్ద చెట్టును కుటుంబానికి రక్షగా పెంచుకునే ఆచారం ఈ మధ్య కాలం దాకా ఉంది. దాని కొమ్మ నరికితే ఇంటికి కీడు జరుగుతుందని నమ్మేవారు. లోకాల నడుమ నిలబడ్డ మహావృక్షాన్ని ఊహించినవాళ్లకు ముంగిట్లో చెట్టు రోజూ కళ్లెదుట ఉండేది.

థార్ ప్రయాణాలన్నీ దాదాపు ఈ వలయాల పటం మీదే సాగుతాయి. రాక్షసులతో యుద్ధానికి అతడు తూర్పుకు వెళతాడు. ఉత్‌గార్డ్ కోటకు వెళ్లిన కథలో లోకీతో కలిసి బయల్దేరి, తూర్పు దిక్కున సముద్రం దాకా నడిచి, లోతైన ఆ నీటిని దాటి, అవతలి ఒడ్డున పెద్ద అడవిలో రోజంతా నడుస్తాడు. రాత్రి తలదాచుకున్న విచిత్రమైన ఇల్లు తెల్లవారాక ఒక రాక్షసుడి చేతి తొడుగని తేలుతుంది. మర్నాడు మైదానంలో ఆకాశాన్నంటే కోట కనిపిస్తుంది. మెడ పూర్తిగా వెనక్కి వంచితే గానీ దాని పైభాగం కనబడదు. ఈ దారి పొడుగునా ఎక్కడం, దిగడం లేదు. కొమ్మ మీంచి కొమ్మకు వెళ్లడం లేదు. రాక్షస లోకమైన యోటున్‌హైమ్‌కు నడిచి వెళ్లవచ్చు, పడవలో వెళ్లవచ్చు. మిగతా కథలూ ఇదే దిక్కు చూపిస్తాయి. హిమిర్ అనే రాక్షసుడి ఇల్లు తూర్పున, ఎలివాగర్ నదులకు ఆవల, ఆకాశపు అంచున ఉంటుంది.

మరి చెట్టు ఎక్కడ? దాని పేరు ఇగ్‌డ్రాసిల్. అది యాష్ జాతి చెట్టని కవితలు చెబుతాయి. వృక్షశాస్త్రం ప్రకారం మన మల్లె, ఆలివ్, యాష్ మూడూ ఒకే కుటుంబానివి. యాష్ చలికాలంలో ఆకు రాలుస్తుంది. ఇగ్‌డ్రాసిల్ మాత్రం ఎప్పుడూ పచ్చగానే ఉంటుందంటుంది కవిత. ఉప్సాలా గుడి దగ్గర చలికాలంలోనూ ఆకు రాల్చని ఒక పెద్ద చెట్టు ఉండేదని, అది ఏ జాతిదో ఎవరికీ తెలియదని, పక్కనే ఒక నీటి ఊట ఉండేదని ఆదామ్ గ్రంథానికి చేర్చిన ఒక వ్యాఖ్యలో ఉంది. ఇగ్‌డ్రాసిల్ వేళ్ల దగ్గరా నీటి ఊటలున్నాయి కనుక ఆ వ్యాఖ్య చదివిన ప్రతివారికీ ఈ పోలిక తడుతుంది.

చెట్టుకు మూడు వేళ్లు, మూడు దిక్కులకు పాకాయి. దీంట్లో రెండు పుస్తకాలూ ఒకటే మాట. ఏ వేరు ఎక్కడికి వెళ్లిందన్న దగ్గర మాత్రం విడిపోతాయి. 'గ్రిమ్నిస్మాల్' కవిత ప్రకారం ఒక వేరు కింద మృత్యుదేవత హెల్, రెండో దాని కింద మంచు రాక్షసులు, మూడో దాని కింద మనుషులు. అంటే చెట్టు మన నెత్తిన ఉంది. దాని వేళ్ల కింద మనం, మృతులు, రాక్షసులు పక్కపక్కన బతుకుతున్నాం. స్నోర్రి లెక్క వేరు. ఒక వేరు దేవతల దగ్గర, ఆకాశంలో ఉంది. రెండోది మంచు రాక్షసుల దగ్గర, ఒకప్పుడు మహాశూన్యం ఉన్న చోట. మూడోది నిఫ్ల్‌హైమ్ మీద. మొదటి వేరు దగ్గర ఉర్ద్ బావి ఉంది. విధిరాత రాసే ముగ్గురు కన్యలు రోజూ ఆ బావి నీళ్లు, తెల్ల బురద చెట్టు మీద పోస్తారు, కొమ్మలు కుళ్లకుండా. రెండో వేరు దగ్గర మిమిర్ జ్ఞాన బావి. అందులో గుక్కెడు నీళ్ల కోసమే ఓడిన్ ఒక కన్ను ఇచ్చేశాడు. మూడో వేరు కింద హ్వెర్‌గెల్మిర్ అనే మరిగే ఊట. అక్కడ నిద్‌హోగ్ అనే సర్పం వేరును కొరుకుతూ ఉంటుంది.

మనుషుల దగ్గరున్న వేరు స్నోర్రి చేతిలో ఆకాశానికి వెళ్లింది. ఇది చిన్న మార్పేమీ కాదు. వేరు పైకి పోవడమేమిటని ఎవరికైనా సందేహం వస్తుంది. దేవతలు రోజూ న్యాయం తీర్చడానికి ఉర్ద్ బావి దగ్గరికి వస్తారని, బిఫ్రోస్ట్ అనే వంతెన మీదుగా గుర్రాలెక్కి వస్తారని పాత పద్యాల్లో ఉంది. బిఫ్రోస్ట్ అంటే ఇంద్రధనుస్సేనని స్నోర్రి వివరించాడు. వంతెన ఆకాశంలో ఉంటే, అది చేరే బావీ ఆకాశంలోనే ఉండాలి, బావి పక్కనున్న వేరూ అక్కడే ఉండాలి. ఇలా ఆలోచించే అతడు వేరును పైకి ఎత్తి ఉంటాడని నా ఊహ. స్వర్గం పైన, నరకం కింద అని చర్చిలో విని పెరిగినవాడికి దేవతలు నేల మధ్యలో ఉన్నారనడం కన్నా ఆకాశంలో ఉన్నారనడం తేలిక కూడా. అయినా తను ముందు రాసిన మాటను కొట్టెయ్యలేదు. అందుకే ఒకే పుస్తకంలో ఆస్‌గార్డ్ లోకం నడుమా ఉంది, ఆకాశంలోనూ ఉంది.

రష్యన్ పండితుడు మెలెటిన్‌స్కీ ఇక్కడ రెండు పటాలున్నాయన్నాడు. ఒకటి అడ్డంగా, లోపల, వెలుపల అని పరిచింది. రెండోది నిలువుగా, చెట్టు వెంట పైన, కింద అని నిలబెట్టింది. అంత ఖచ్చితంగా విడదీయలేమని తర్వాతి పండితులు అభ్యంతరం చెప్పారు. వాళ్ల మాటకు బలం ఇచ్చే కథ ఒకటుంది. అది హెర్మోద్ ప్రయాణం. ఈ పురాణాల్లో ఒక లోకం నుంచి ఇంకో లోకానికి దారిని ఇంత వివరంగా చెప్పిన కథ మరొకటి లేదని నా అభిప్రాయం.

దేవతలందరికీ ప్రియమైన బాల్డర్‌ను లోకీ కుట్ర పన్ని చంపించాడు. తల్లి ఫ్రిగ్ కన్నీళ్ల మధ్య ఒకే మాట అడిగింది. హెల్ లోకానికి వెళ్లి నా బిడ్డను విడిపించి తెచ్చేదెవరని. ఓడిన్ కొడుకు హెర్మోద్ ముందుకొచ్చాడు. ఓడిన్ ఎనిమిది కాళ్ల గుర్రం స్లైప్నిర్‌ను తెచ్చి అతనికిచ్చారు. తొమ్మిది రాత్రులు అతడు లోతైన చీకటి లోయల్లో స్వారీ చేశాడు. కళ్లకు ఏమీ కనబడలేదు. చివరికి గ్యోల్ నది వచ్చింది. దాని మీద మెరిసే బంగారు కప్పుతో ఒక వంతెన. వంతెనకు కాపలా మోద్‌గుద్ అనే కన్య.

ఆమె అతని పేరు, వంశం అడిగింది. నిన్న చనిపోయినవాళ్లు ఐదు దండులుగా ఈ వంతెన దాటారని, నువ్వొక్కడివే వస్తుంటే అంత చప్పుడూ అయిందని అంది. నీ ముఖంలో మృతుల రంగు లేదు, ఈ దారిన ఎందుకొస్తున్నావని నిలదీసింది. బాల్డర్‌ను వెతుకుతూ వస్తున్నానని, ఇటు వెళ్లాడా అని హెర్మోద్ అడిగాడు. వెళ్లాడని చెప్పి ఆమె దారి చూపించింది. హెల్ దారి కిందికి, ఉత్తరానికి అని చెప్పింది.

మొత్తం పటానికి తాళం చెవి ఈ ఒక్క సమాధానంలో ఉంది. కిందికి మాత్రమే అనలేదు ఆమె, ఉత్తరానికి మాత్రమే అనలేదు. రెండూ కలిపి చెప్పింది. మృతుల లోకం చెట్టు వేరు కిందా ఉంది, నేల మీద ఒక దిక్కునా ఉంది. నిలువు పటం, అడ్డ పటం అక్కడ కలిసిపోయాయి. ఉత్తరం చలి దిక్కు, శీతాకాలంలో ఎండ పొడ కానరాని దిక్కు. అది ముందుకు పోతూ పోతూ నేల కిందికి వాలిపోతుందని అక్కడి జనం ఊహించుకున్నారు. శవాల తీరం నాస్ట్రోండ్‌లో పాముల వెన్నెముకలతో అల్లిన ఇంటి తలుపులు కూడా ఉత్తరానికే తెరుచుకుంటాయి.

హెర్మోద్ ఇంకా ముందుకెళ్లి హెల్ కోట గేటు చేరాడు. గుర్రం దిగి, జీను పట్టీ బిగించి, మళ్లీ ఎక్కి అదిలించాడు. గుర్రం గేటుకు తగలకుండా దానికి చాలా ఎత్తున దూకింది. ఈ చిన్న వివరం చూసీ చూడనట్టు వదిలేయకూడదు. మృతులు గేటు గుండా వెళతారు, బతికున్నవాడు మాత్రం గోడ దూకాలి. లోపల బాల్డర్ గౌరవాసనం మీద కూర్చుని ఉన్నాడు. ఆ రాత్రి హెర్మోద్ అక్కడే గడిపాడు. తెల్లవారి హెల్‌ను వేడుకున్నాడు. బతికున్నవీ చచ్చినవీ అన్నీ అతనికోసం ఏడిస్తే పంపుతానందామె. ఒక రాక్షస స్త్రీ మాత్రం ఏడవనంది. ఆమె మారువేషంలో ఉన్న లోకీయేనని అందరూ అనుకున్నారు. బాల్డర్ తిరిగి రాలేదు.

దారులు తెలిసిన లోకాల సంగతి ఇది. మిగతావాటికి దారులు అంత స్పష్టంగా లేవు. ఆల్ఫ్‌హైమ్ గురించి పాత కవిత చెప్పింది ఒక్కటే. ఫ్రేయ్ దేవుడికి మొదటి పన్ను వచ్చినప్పుడు బహుమతిగా దాన్నిచ్చారని. ఎటువైపో చెప్పలేదు. ఆకాశంలో ఉందన్నది స్నోర్రి మాట. వానిర్ దేవతల వానాహైమ్ నుంచి న్యోర్ద్ ఆస్‌గార్డ్‌కు బందీగా వచ్చాడని ఉంది కానీ, అక్కడికి దారి ఎటో ఎడ్డాలు చెప్పలేదు. మరుగుజ్జుల విషయంలో పేర్లే తికమక. పాత కవితలో వాళ్ల బంగారు ఇల్లు నిడావెల్లిర్‌లో, ఉత్తరాన. స్నోర్రి మాత్రం వాళ్లను స్వార్తాల్ఫ్‌హైమ్‌లో పెట్టాడు. ఇవి రెండు లోకాలా, ఒకటేనా? నిఫ్ల్‌హైమ్, హెల్ రెండూ వేరా, ఒకటేనా? జాబితా రాసేవాళ్లు తమకు నచ్చినట్టు ఒకటి కలిపి, ఒకటి విడదీసి తొమ్మిదికి సరిపెడతారు. అందుకే ఒక పుస్తకంలోని తొమ్మిది ఇంకో పుస్తకంలోని తొమ్మిదితో కలవవు.

పటం గీసే అలవాటు మాత్రం పాతదేం కాదు. ఐస్‌లాండ్ పండితుడు ఫిన్నూర్ మాగ్నూసన్ 1820ల్లో ఎడ్డాల మీద రాసిన గ్రంథం కోసం ఈ విశ్వానికి ఒక బొమ్మ తయారు చేయించాడు. చెట్టు, వలయాలు, వేళ్లు, బావులు అన్నీ ఒకే చిత్రంలో. 1847లో లండన్‌లో వచ్చిన ఒక పుస్తకం ద్వారా అది ఇంగ్లిష్ పాఠకులందరికీ చేరింది. ఇప్పటి బొమ్మలకు పెద్దన్న అదే. అందమైన పని, నిజాయితీగా చేసిన ప్రయత్నం. కానీ కథల్లో ఒకదానికొకటి పొసగనివి ఒకే కాగితం మీదికి వచ్చేసరికి కొన్నిటిని సర్దాల్సి వచ్చింది.

ఇకపై తొమ్మిది లోకాల బొమ్మ ఎక్కడ కనబడినా ముందు యోటున్‌హైమ్ చూడండి. అది తూర్పున, సముద్రానికి అవతల ఉంటే గీసినవాళ్లు థార్ వెంట నడిచారు. తర్వాత హెల్ చూడండి. అడుగున, ఉత్తరం వైపు ఉంటే హెర్మోద్ వెంట వెళ్లారు. ఆపైన ఆల్ఫ్‌హైమ్, వానాహైమ్ చూడండి. వాటికి ఒక చోటు కేటాయించి ఉంటే అది చిత్రకారుడి ఎంపిక మాత్రమే. పాత కవితలు ఆ రెండింటికీ దారి చెప్పలేదు.